ముక్కు మూసిన దొర కషాయం

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. కాళ్లు చాపుకునేటోళ్లు చాపుకోండ్రి, పిల్లల్ని ఒడిల పెట్టుకోండ్రి. చెప్పేది జలుబు ముచ్చటే. జలుబుల గూడ చెప్పేటంత ఏముంటది అనుకుంటరేమో. ఒక మనిషి ముక్కు మీద శానా మంది పానాలు ఆధారపడి ఉంటయని నాకు గూడ మా ఇంటాయన జలుబప్పుడే ఎరుకైంది. అప్పటిసంది స్టీలు గిలాసల వేడివేడిగ పొగలొచ్చే విస్కీ వాసన యాదికొస్తే నా చెయ్యి కొంగు మీదికి పోతది.

మా ఇంటాయన బొగ్గుబాయిల సర్దారు. చిన్నప్పుడు మా ఊర్ల ఎడ్లు గాసినోడు, ఖనికొచ్చి బొగ్గు టబ్బులు నెట్టిండు, ఆ తర్వాత పరీక్ష రాసి సర్దారయిండు. చేతిల కర్ర, నడుముకు చిన్న దీపం. పొద్దుగాల షిఫ్టుల మనుషులు పని మొదలు పెట్టకముందే ఆయన లోపలికి పోయి, కర్రతోని నెత్తి మీది కప్పును కొట్టి, ఊడుతదో లేదో చప్పుడు వినాలె. దీపం మంట చూసి గ్యాసున్నదో లేదో చెప్పాలె. ఆయన బాగున్నదంటేనే బొగ్గు ఎత్తే ఫిల్లర్లు తట్ట పడుతరు. ఆ కర్ర వచ్చిన నాడు మా అత్త దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆయన దాన్ని మంచం తలాపునే పెట్టుకునేటోడు.

చెవి, కన్ను సరే. ముక్కు సంగతి నాకు లగ్గమైన కొత్తల తెల్వదు. బాయిల బొగ్గు తీసుడయిపోయిన తావుల్ని ఇటుక గోడ కట్టి మూస్తరు. ఆ గోడల ఎనక మిగిలిన బొగ్గు ఊరికెనే ఉండదు. ఎక్కడన్న సందులకెల్లి గాలి తగిలితె, నిప్పు పెట్టకున్నా, తనంతట తానే వేడెక్కుతది. మంట కనబడదు. ముందుగాల గోడ చెమట పడుతది, ముక్కిన వాసనొస్తది, ఆ తర్వాత కిరసనాయిలు లెక్క వాసనొస్తది. దానెంబడి వచ్చే విషపు గాలికి మాత్రం వాసనే ఉండదట. మనుషులు నిద్ర వచ్చినట్టు కూలబడుతరట. అందుకే ముందొచ్చే ఆ చెడ్డ వాసనను పట్టుకోవాలె. మా ఆయన తిరిగే జాగల గసొంటి గోడ ఒకటి ఉండె. "దీపం గ్యాసు చెప్తది గాని గోడ సంగతి ముక్కే చెప్తది" అనేటోడు. ఇంట్ల పప్పు అడుగంటక ముందే, వాకిట్ల నిలబడి "పొయ్యి తగ్గించవే" అనేటోడు. గంత ముక్కు.

ఆ వానకాలం గోదారి మీదికెల్లి చల్లగాలి కొట్టింది. బాయిల చెమటకు తడిసి పైకొచ్చుడు, పైన వానకు తడుసుడు. పడిశం పట్టింది. మామూలు పడిశం గాదు. ముక్కు తుమ్మబంకోలె పట్టుకుపోయింది. తుడుసుకుంటె తువ్వాల నల్లగయ్యేది. బూడిద పోసిన డబ్బాల ఉమ్మేటోడు. పొద్దుగాల ఆ డబ్బా ఎత్తి పారబోసేది నేనే. ఎట్లుండేదో చెప్ప, మీరు అన్నం తిన్నరో లేదో.

మా అత్త మిరియాలు, శొంఠి, తులసాకు ఏసి కషాయం కాసేది. పసుపేసి ఆవిరి పట్టిచ్చేది. ఆవిరి పట్టిన కొంతసేపు ముక్కు తెరుసుకునేది, మళ్ల మూసుకునేది. పడిశమంటె గంతే, దాని దినాలు అది తీసుకోని పోతది. కని మా ఆయనకు ఓపిక లేదు. కారణం నాకు ఎనక తెలిసింది. గోడ కాడికి పోయి ముక్కు పెడితె వాసన సరిగ రాకపాయె. ఆ మాట ఎవరికన్న చెప్తె, కర్ర తీసి ఇంకొకరికిస్తరని ఆయన భయం. మళ్ల టబ్బుల కాడికి పంపుతరనుకున్నడు.

అప్పుడొచ్చిండు మా మరిది. ఆయన తమ్ముడు. పెద్ద దొరల క్లబ్బుల బేరర్ పని. తెల్ల బట్టలేసుకోని, నెత్తికి నూనె పెట్టుకోని, మాటలన్ని దొరల కాడ నేర్సుకున్నయే. బట్టల సంచిలకెల్లి సీస తీసి ఎత్తుపీట మీద పెట్టిండు.

"వదినా, కషాయాలు గిషాయాలు బందు పెట్టు. మా దొరలకు పడిశమొస్తె ఏం తాగుతరో తెలుసా? విస్కీ. వేడినీళ్లల్ల. నిమ్మకాయ, తేనె, రెండు లవంగాలు. హాట్ టాడీ అంటరు దాన్ని. తాగి పంటె తెల్లారేసరికి గుర్రమోలె లేస్తరు."

"గుర్రం సకిలిస్తది గని ముక్కు చీదదు" అన్నది మా అత్త. "దొరలు బాయిలకు దిగుతరారా? పొద్దెక్కేదాక పండుకుంటరు. వాళ్లకు మందెందుకు పనిచెయ్యదు?"

"నీకు తెల్వదవ్వా. ఇది బొగ్గుదుమ్ము గూడ కడుగుతది."

బాయోళ్లు ఉండే క్వార్టర్ల లైన్లల్ల ఈ మాట మీద ఎవరికీ అనుమానం లేకుండె. సారా తాగినా, గుడుంబా తాగినా, గొంతుల దుమ్ము కడగనీకేనని చెప్పేటోళ్లు. కడుపులకు పోయేది ఊపిరితిత్తుల దుమ్మునెట్ల కడుగుతదని అడిగినోళ్లు లేరు. నేను గూడ అడగలే. మా ఆయన సీస దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"నీళ్లు పెట్టవే" అన్నడు.

నీళ్లు మరిగిచ్చిన. గిలాసల తేనె, నిమ్మరసం, లవంగాలు ఏసిన. మరిది మీదికెల్లి విస్కీ పోసిండు. పొగ లేసింది. కాలిన చెప్పు, కుళ్లిన మామిడిపండు కలిసినట్టు ఒక వాసన. నేను కొంగు అడ్డం పెట్టుకున్న. ఆయన ఊదుకుంట తాగిండు. సగం తాగేసరికి, "అగో, తెరుసుకున్నదే" అని గట్టిగ గాలి పీల్చిండు. మరిది మీసం దువ్వుకున్నడు. మొఖం ఎర్రబడ్డది, ఒళ్లు వేడెక్కిందని అంగీ ఇప్పి, వానగాలిల అరుగు మీద కూసున్నడు. చెయ్యి పట్టి చూస్తె వేళ్లు సల్లగున్నయి. కొంతసేపటికి వణుకుడు పెట్టింది.

నిద్ర మాత్రం జల్ది వచ్చింది, అబద్ధమెందుకు. మంచం మీద పడ్డడో లేదో బండరాయి. ఆ గురక నేనెన్నడు వినలే. బాయి మీద టబ్బులు గుంజే హాలేజి ఇంజను నయం, దానికి తాడన్న ఉంటది. నడుమ నడుమ గురక ఆగేది, ఊపిరి గూడ ఆగినట్టయ్యేది, నేను లేసి ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసేదాన్ని. మళ్ల గుర్రుమని లేసేది. ఇగ సగం నిద్ర గాకముందే లేసి కూసునేటోడు. నోరు ఎండిపొయ్యేది, కుండల నీళ్లన్నీ ఆయనకే. ముక్కు అసలే లేనట్టు మూసుకుపొయ్యేది. మళ్ల పంటె నిద్ర రాకపోయేది. పొద్దుగాల కండ్లు చింతనిప్పులు. "ఎట్లుందయ్యా" అంటె, "మస్తు నిద్ర పట్టింది" అనేటోడు. పడుకున్నది యాదున్నది, లేసి కూసున్నది యాదిలేదు ఆయనకు.

దినాం గదే. పొద్దు గూకంగనే గిలాస. సీస ఒడిసినప్పుడల్లా మరిది ఇంకోటి తెచ్చేటోడు, సీల్ సీసనే అని.

ఇగ లైను సంగతి. దొర కషాయం మా ఇంట్ల కాస్తున్నరని తెలిసినంక లైను మొత్తానికి పడిశమొచ్చింది. పక్కింటి ఫిల్లరు, ఆయన మా ఆయన జాగలనే పనిచేస్తడు, ముక్కు మంచిగున్నా నోరు తెరిచి ఊపిరి పీల్సుకుంట వచ్చి కూసున్నడు.

"సర్దారన్నా, నాకు గూడ లోపల పట్టేసినట్టున్నది."

"లోపలెక్కడరా?" అన్నడు మా ఆయన.

"గిలాస ఎక్కడ పెడితె అక్కడ."

నవ్విన్రు. నేను నవ్వలే. పొయ్యి కాడ నేనే గద కూసునేది. నా లవంగాలు, నా నిమ్మకాయలు. తాగి పోయినంక వాకిట్ల ఉమ్ములు, మూలకు వాంతి, గిలాసల అడుగున జిగటజిగట. ఆ గిలాసలనే పొద్దున పిల్లలకు పాలియ్యాలె. మూడుసార్లు బూడిదతోని తోమినా నా చేతులకు ఆ వాసన పోకపొయ్యేది. అన్నం కలుపుకుంటె అన్నంల అదే. తలకింది మెత్తల మీద అదే, ఆయన తువ్వాల మీద అదే. ఆయన పక్కన పండుకోవుడు బందు చేసిన. చాప ఏసుకోని వంటింట్ల పన్న.

నా కండ్లు తెరిపిచ్చింది ఎండుచేపల పులుసు. సంత కాడ తెచ్చిన చేపలు వానకు మక్కినయి. అత్త తెల్వక వండింది. మూత తీస్తె, నా తల్లీ, ఇల్లంత శవం లేసినట్టు. దాంట్ల తెల్లటి పురుగులు గూడ తేలినయి. పారబోద్దామని గంజు తీసి దొడ్లె పెట్టిన. పిల్లి వచ్చింది, వాసన చూసింది, ఎనక్కి జరిగి తోక దులుపుకోని పోయింది. నేను బోరింగుకు నీళ్లకు పోయిన. తిరిగొచ్చేసరికి మా ఆయన డ్యూటీ దిగొచ్చి, దొడ్లె పీటేసుకోని, ఆ గంజు ముందట పెట్టుకోని అన్నం కలుపుతున్నడు.

"ఏందిది, ఇంత మంచిగ చేసి దాచిపెట్టిన్రు" అన్నడు.

నా చేతుల బిందె కింద పడ్డది. "ఏమయ్యా, వాసన వస్తలేదా?"

"ఏం వాసన?"

బిందె నీళ్లు కాళ్ల కిందికెల్లి పోతున్నయి. నేను ఆయన మొఖమే చూస్తున్న. గదొక్క మాటతోని ఆయనకు గూడ అర్థమైంది. ముద్ద గంజుల పడేసిండు. పురుగులు చూసిండు. గోడ పట్టుకోని వాంతి చేసుకున్నడు. నేను వీపు నిమురుతనే ఉన్న గని, నా మతిల పులుసు లేదు. పిల్లి పట్టిన వాసన మా సర్దారుకు పట్టలేదు. మరి దినాం బాయిల గోడకు ముక్కు పెట్టి ఏం చూసి వస్తున్నడు? "గోడ బాగుంది" అని ఏం నమ్మకంతోని చెప్తున్నడు?

తెల్లారి దవాఖానకు గుంజుకపోయిన. డాక్టరమ్మ ఆయన నోట్లె, ముక్కుల లైటేసి చూసింది. ఏం తాగుతున్నవంటె ఆయన నేల చూసిండు. నేనే చెప్పిన, దొర కషాయం సంగతి, లవంగాలతో సహా.

ఆమె కోపం చేసుకోలే. "వేడినీళ్లు మంచివే. తేనె గొంతుకు మంచిదే. ఆవిరికి ముక్కు కొద్దిగ తెరుసుకుంటది. తెరిచింది నీళ్లు, పేరు విస్కీకి. విస్కీ ముక్కు లోపలి రక్తనాళాల్ని ఉబ్బిస్తది, ఇంకింత మూసుకుంటది. నిద్ర గూడ అంతే, జల్ది పట్టిస్తది, నడుమల చెడగొడుతది. గొంతు కండరాలు సడలి గురక పెరుగుతది. ఒంట్ల నీళ్లు తీస్తది. వేడిగ ఉన్నట్టనిపిస్తది గని, లోపలి వేడి బయటికి పోతది" అన్నది. జలుబుకు చిన్న గోలీలు రాసియ్యబోయి ఆగింది. "ఇవి మత్తిస్తయి. తాగుడు మీద ఇవి మింగితె లేవకుండ పండుతవు. తాగుతనంటె ఇయ్య."

"తాగడు" అన్న నేను.

 ఇంటి కాడికొచ్చినంక అన్నడు, "డాక్టరమ్మకేం తెల్సు. తాగంగనే నాకు తెరుసుకుంటున్నది. నా ముక్కు, నాకు తెల్వదా?"

"అయితె చూద్దాం" అన్న.

ఆ సాయంత్రం విస్కీ లేకుండ చేసిచ్చిన. వేడినీళ్లు, తేనె, నిమ్మకాయ, లవంగాలు, అన్నీ అవే. తాగి, ఆవిరి పట్టినంక, కండ్లకు గుడ్డ కట్టి, కిరసనాయిల్ల ముంచిన పాత గుడ్డ ముక్కు కాడ పెట్టిన. మా అత్త ఎదురుంగ కూసున్నది. సన్నగ తెలుస్తుందన్నడు. కొంతసేపాగి మళ్ల పెట్టిన, అప్పుడు గూడ సన్నగ తెలుస్తుందన్నడు. తెల్లారి సాయంత్రం విస్కీ కలిపిన. ఇది ఆయన కోరికే, డాక్టరమ్మ గోలీలు మాత్రం అప్పటిదాక ఒక్కటి మింగనియ్యలే. మరిది గూడ వచ్చి కూసున్నడు, తన మందు గెలుస్తదని. తాగంగనే గుడ్డ పెడితె, "కిరసనాయిలు" అన్నడు. మరిది తొడ కొట్టిండు.

"ఆగురా" అన్నది మా అత్త. "కోడి కూయంగనే తెల్లారలే."

మాట్లాడుకుంట కూసున్నం. ఆయన మొఖం ఎర్రబడ్డంక, మాట ముక్కులకెల్లి వచ్చినంక, మళ్ల పెట్టిన. ఏం లేదన్నడు. గుడ్డ మీసాలకు తగిలిచ్చిన. "ఇంక పెట్టలేదేందే?" అన్నడు. మా అత్త లేసొచ్చి కండ్ల గుడ్డ ఇప్పింది. మీసాల మీద కిరసనాయిలు కారుతున్నది. ఆయన చెయ్యి పెట్టి తడుముకున్నడు, వేళ్లు ముక్కు కాడికి తెచ్చుకున్నడు, మళ్ల తెచ్చుకున్నడు. మరిది తొడ మీది చెయ్యి మెల్లగ తీసిండు. 

సీస ఎత్తి దీపం కాడ చూసిన నేను, ఇంకెంత ఉన్నదని. అడుగున ఒక నిమ్మగింజ, బీడీ పొగాకసొంటి తునకలు తిరుగుతున్నయి.

"సీల్ సీసల నిమ్మగింజ ఎట్లొచ్చెరా?" అన్న.

మరిది నెత్తి గోకుకున్నడు. "వదినా, సీల్ సీస నాకెవడిస్తడు. దొరలు లేసిపోయినంక గిలాసలల్ల మిగిలింది..."

 ఇన్ని దినాలు మా ఇంట్ల మరిగింది దొరల ఎంగిలి. వాళ్ల పెదవులు, వాళ్ల సిగరెట్ల బూడిద, ఎవరికి తెల్సు, వాళ్ల పడిశం గూడ. మా ఆయనకు తగ్గేది మళ్ల అంటుకుంటున్నదో ఏందో. మా అత్త తూ అని వాకిట్ల ఉమ్మి, నోరు కడుక్కుంది. ఆమె ఒక్క చుక్క తాగలే, అయినా కడుక్కుంది.

పొద్దుగాల ఆయన అంగీ ఏసుకుంటుంటె తలుపుకు అడ్డం నిలబడ్డ. "ఓవర్‌మన్‌కు, నీ మీది సారుకు, చెప్తవా?"

"కర్ర పోతది."

"పోనీ. పక్కింటాయన నీ మాట మీద దిగుతడు. ఆయన పెండ్లాం ఇప్పుడే సద్ది కట్టి పంపింది, చూసినవా? నువ్వు చెప్పకుంటె నేను బాయి గేటు కాడికొచ్చి చెప్త. ఆడిది వచ్చి, నా మొగనికి ముక్కు లేదని చెప్తె అప్పుడు గూడ కర్ర పోతది. పరువు గూడ పోతది."

 కర్ర చేతిలకు తీసుకున్నడు. "జరుగు" అన్నడు మెత్తగ. జరిగిన.

తర్వాత జరిగింది ఆయన చెప్పిందే చెప్తున్న. బాయి మీద దీపాలిచ్చే కాడ ఓవర్‌మన్‌ను పక్కకు పిలిచి, "నా ముక్కు పనిచేస్తలేదు, గోడ చూసెతందుకు ఇంకొకర్ని తోలు" అన్నడట. ఓవర్‌మన్ దగ్గరికొచ్చి వాసన చూసి, "నీ ముక్కు సంగతి తెల్వదు గని నా ముక్కుకు నువ్వు తెలుస్తున్నవు" అన్నడట. రాత్రి వాసన ఇంక పోలేదు మరి. తాగినోన్ని బాయిలకు దిగనియ్యరు. ఈయన్ని పైననే కూసోబెట్టి, ఇంకొక సర్దార్ని తోలుకోని తానే దిగిండు. మనుషుల్ని లోపలికి పోనియ్యలే.

గోడ కాడికి పోకముందే ఆ సర్దారు ఆగిండట. ముక్కిన వాసన, దానెంబడి సన్నగ కిరసనాయిలు. గోడ చెమట పట్టున్నది. ఒక మూలకు సున్నం పెచ్చులూడి సందు పడ్డది. మా పక్కింటి ఫిల్లరు కూసోని సద్ది తినేది ఆ గోడ ముందటనే. ఆ జాగ మూసేసి, మట్టి, ఇటుక మోసి, గోడ ముందట ఇంకొక గోడ కట్టిన్రు. ఎవరికీ ఏం కాలే. సందు ఎన్ని దినాల సంది ఉన్నదో ఎవరూ చెప్పలే. ఆయన గూడ నన్నడగలే, నేను ఆయన్నడగలే.

పడిశం తగ్గేదాక ఆయనకు కర్ర ఇయ్యలే, దీపాల కాడ కూసోబెట్టిన్రు. ఆ తర్వాత మళ్ల ఇచ్చిన్రు. లైన్ల పిల్లలు "ముక్కులేని సర్దార్" అని శానా దినాలు పిలిచిన్రు. పక్కింటాయన మాత్రం ఆ మాట అన్న తన కొడుకును ఒక్కటిచ్చిండు. పక్కింటాయన లేని పడిశం గూడ గోడ సంగతి తెలిసిన నాడే తక్కువైంది.

మిగిలిన విస్కీ పారబోయనీకె మనసు రాక, మా అత్త ఆయన మంచం కోళ్ల సందుల పోసింది, నల్లులు చావనీకి. చచ్చినయో తాగి పండినయో తెల్వదు. కొన్ని దినాలకు మళ్ల లేసి కుట్టినయి. ఆ మంచం మాత్రం ఎండల ఎన్నిసార్లేసినా ఆ కంపు పోలే, కడాకరికి ఇప్పి పొయ్యిల పెట్టినం.

ఇప్పటికీ ఎవరన్న పడిశానికి ఇంత బ్రాందీ, ఇంత విస్కీ అంటె నాకు మీసాల మీద కారే కిరసనాయిలే కనబడుతది. వేడినీళ్లు తాగండ్రి. ఆవిరి పట్టుకోండ్రి. కప్పుకోని పండుకోండ్రి. పడిశం పొయ్యేనాడు పోతది.

ఇన్నరు గద, మీ కడుపు సల్లగుండ. మీ ఇంటికెల్లి డ్యూటీకి పోయినోళ్లు పోయినట్టే తిరిగి రావాలె. మీ పొయ్యిల అడుగంటింది అరుగు మీదికే తెలవాలె. మీ గిలాసలల్ల పాలు తప్ప ఇంకోటి వాసన రావద్దు. మీ ఇంట్ల అందరి ముక్కులు, అందరి నిద్రలు సల్లంగుండాలె.